బీబీ నాంచారి కథ చెప్పేటప్పుడు
(షేక్ చినమౌలానా స్మారకోపన్యాస పాఠం)

నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారిని తలుచుకునే ఈ సభలో సంగీతం గురించి మాట్లాడవలసింది సంగీతజ్ఞులు. నేను పురాణ ప్రవచనం చెప్పేవాణ్ణి. అయినా నిర్వాహకులు నన్ను పిలిచి, భక్తి ప్రసంగాల్లో అన్యమతాల గురించి ఎలా మాట్లాడాలి, మన మాట వినే అన్యమతస్థులతో ఎలా మెలగాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. మౌలానా గారి పేరున ఈ మాటలు చెప్పడం సముచితమే అనిపించి ఒప్పుకున్నాను.

ఆయన 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. ఇంట్లో తరతరాలుగా నాదస్వరమే. తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళదేశం వెళ్ళి నేర్చుకున్నారు. చివరికి శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సేవలో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1999లో వెళ్ళిపోయారు. ఇదంతా మీకు తెలిసిందే. ఆయన్ని వేదికల మీద పరిచయం చేసేటప్పుడు జనం ఎలా మాట్లాడతారో ఒకసారి గుర్తు చేసుకోండి. “ముస్లిం అయినా రాముడి కీర్తనలు ఎంత భక్తితో వాయించేవారో!” అంటారు. అన్నవాళ్ళకు ఆయనంటే ప్రేమే. అందులో దురుద్దేశం రవ్వంత కూడా లేదు. కానీ ఆ ‘అయినా’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. ముస్లిం ఇంట్లో పుట్టినవాడికి భక్తి, సంస్కారం, స్వరజ్ఞానం ఉండవన్నది అందరికీ తెలిసిన సంగతి అనీ, ఈయన దానికి మినహాయింపు అనీ ఆ మాట చెబుతోంది. పైగా అది వాస్తవం కూడా కాదు. పాత గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో నాదస్వరం ముస్లిం కుటుంబాల కులవిద్య. తాతముత్తాతల నుంచి గుళ్ళలో, పెళ్ళిళ్ళలో వాయిస్తున్న ఇంట్లో పుట్టినవాడు నాదస్వరం వాయించడంలో ‘అయినా’కు చోటెక్కడిది? ఒక మనిషిని పొగుడుతూ అతని వాళ్ళందరినీ కించపరిచే ఈ పద్ధతి మన భక్తి ప్రసంగాల్లో చాలా లోతుగా పాతుకుపోయింది. తిట్టు అయితే వెంటనే పట్టుబడుతుంది. ఇది మెచ్చుకోలు వేషంలో వస్తుంది కాబట్టి చెప్పేవాడికీ తెలియదు, చప్పట్లు కొట్టేవాడికీ తెలియదు. వెనక వరసలో కూర్చున్న ముస్లిం శ్రోతకు మాత్రం తెలుస్తుంది.

కనుక ఈరోజు తిట్ల గురించి ఎక్కువ మాట్లాడను. తిట్లకు చట్టం ఉంది. 1927లో శిక్షాస్మృతిలో చేర్చిన 295ఎ సెక్షను ఇప్పుడు భారతీయ న్యాయసంహితలో 299వ సెక్షను అయింది. మతవిశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు. చట్టం ఆ ‘ద్వేషబుద్ధి’ దగ్గర ఆగిపోతుంది, ఆగాలి కూడా. వ్యాసపీఠం మీద కూర్చున్నవాడి బాధ్యత అక్కడితో తీరదు. ద్వేషం లేకుండానే మనం చేసే గాయాల సంగతి చూద్దాం.

ఇందుకు ఒకే ఒక కథ తీసుకుంటాను. మన తెలుగు ప్రవచనాల్లో తరచూ వినిపించే బీబీ నాంచారి కథ.

కడప ఊరివాళ్ళకు దీన్ని గురించి వేరే చెప్పనక్కర్లేదు. దేవుని కడప లక్ష్మీవేంకటేశ్వరుడి గుడికి ఉగాదినాడు ముస్లిం కుటుంబాలు బారులు తీరి వస్తాయి. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, కాబట్టి వేంకటేశ్వరుడు తమకు అల్లుడు అని వాళ్ళ నమ్మకం. కొత్త సంవత్సరం నాడు అల్లుణ్ణి చూసి, కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని వెళతారు. తిరుమలకు తొలి గడప అని పేరున్న ఆ గుడిలో ఆ ఒక్కరోజు బురఖాలూ టోపీలూ తులసిమాలల మధ్య నిలబడి ఉంటాయి. అదే ఊళ్ళో పెద్దదర్గాకు, అంటే అమీన్ పీర్ దర్గాకు, హిందువులు వెళ్ళడం కూడా అంతే మామూలు.

కథ రెండు మూడు రూపాల్లో ఉంది. కర్ణాటకలోని మేలుకోటలో చెప్పేది ఒకటి. స్వామి ఉత్సవమూర్తి ఢిల్లీ సుల్తాను కోటకు చేరింది. రామానుజాచార్యులు దాన్ని వెతుక్కుంటూ వెళ్ళి ప్రేమగా పిలిస్తే ఆ మూర్తి నడిచివచ్చి ఆయన ఒడిలో కూర్చుంది. ఆ విగ్రహంతోనే ఆడుకుంటూ పెరిగిన సుల్తాను కూతురు దాన్ని వదిలి ఉండలేక వెంట బయలుదేరి, చివరికి స్వామిలో లీనమైంది. శ్రీరంగంలో చెప్పేది కొంచెం వేరు. ఆ గుడి చరిత్ర చెప్పే ‘కోయిల్ ఒళుగు’లో ఆమెను సురతాని అన్నారు. అంటే సుల్తాను బిడ్డ. శ్రీరంగంలో ఆమెకు సన్నిధి ఉంది. అక్కడ ఆమెకు శిలావిగ్రహం లేదు, చిత్రరూపంలో కొలుస్తారు. ఆమె పుట్టింటి అలవాటును మన్నించి గోధుమరొట్టె నైవేద్యం పెడతారు, స్వామికి కైలీ కడతారు. మన నాంచారి అన్న పేరు తమిళ నాచ్చియార్ నుంచి వచ్చిందే.

ఇక చరిత్ర ఏమంటుంది? సంప్రదాయం చెప్పే ప్రకారం రామానుజుల కాలం 1017 నుంచి 1137. ఢిల్లీలో సుల్తానుల పాలన మొదలైంది 1206లో. కాబట్టి రామానుజులు ఢిల్లీ సుల్తానును కలవడం చరిత్రకు పొసగదు. అయితే దక్షిణాది మీదకు ఢిల్లీ సేనలు వచ్చిన మాట నిజం. 1311లో మాలిక్ కాఫుర్ దండయాత్ర, 1323లో మరొకటి. శ్రీరంగనాథుడి ఉత్సవమూర్తిని అర్చకులు ఊరూరా దాచి, కొంతకాలం తిరుమలలో ఉంచారు. తిరుమల గుడిలో రంగనాయకుల మండపం ఆ జ్ఞాపకమే. విజయనగర సేనాని గోపన్న 1371లో స్వామిని తిరిగి శ్రీరంగం చేర్చాడు. ఇదంతా చెప్పాలి, దాచకూడదు. గుడి దోపిడీని కప్పిపుచ్చితేనే గౌరవం అనుకునేవాళ్ళున్నారు. నాకది సమ్మతం కాదు. అన్యమతాన్ని గౌరవించడానికి చరిత్రను తుడిచేయనక్కర్లేదు. చెప్పాల్సింది ఏ రాజు, ఏ సంవత్సరం, ఏ సైన్యం అని పేరుపేరునా చెబితే చాలు. “వాళ్ళు వచ్చి మన గుళ్ళు దోచారు” అన్నప్పుడు ఆ ‘వాళ్ళు’ ఎవరు? కాఫుర్ చనిపోయి ఏడువందల ఏళ్ళు దాటింది. సభలో ఉన్నవాడు పూలకొట్టు బాషా. ‘వాళ్ళు’ అనగానే శ్రోతల చూపులు వెళ్ళేది అతనివైపే.

ఇప్పుడు కథ మధ్యలో మనవాళ్ళు సాధారణంగా ఎలా చెబుతారో ఒక ముక్క వినండి. ఎవరి ప్రసంగమో కాదు, వినీ వినీ నా చెవిలో పోతపోసుకున్న రూపం ఇది: “ఆ పిల్ల తురకల ఇంట పుట్టిందే అయినా పూర్వజన్మ సుకృతం వల్ల స్వామిని వరించింది. చూశారా, ఆచారం తెలియని ఇంట్లో పుట్టినదానికే అంత భక్తి ఉంటే, మనకెంత ఉండాలి!”

చప్పట్లు పడే చోటు ఇది. దీన్ని విడదీసి చూద్దాం. ‘తురక’ అన్నది ఒకప్పుడు తుర్కు అన్న జాతిపేరు. పాత శాసనాల్లో, కావ్యాల్లో చాలాచోట్ల మామూలు పేరుగానే వచ్చింది. ఇవాళ ఆ మాట అంటే నొప్పి. పాత పద్యం చదువుతున్నప్పుడు పద్యంలో ఉన్న మాట ఉన్నట్టే చదవండి, మన వచనంలోకి మాత్రం తెచ్చుకోకండి. ‘ముస్లిం’ అనండి, ‘ముసల్మాన్’ అనండి. ‘మహమ్మదీయులు’ అన్న మాట కూడా మానడం మంచిది. మనం మర్యాదగానే వాడతాం, కానీ తాము ఆరాధించేది అల్లాహ్‌నే గానీ ముహమ్మద్ ప్రవక్తను కాదని వాళ్ళు నొక్కి చెప్పే విషయానికి ఆ పేరే అడ్డు.

‘అయినా’ సంగతి మౌలానా గారి విషయంలో చెప్పాను. ‘పూర్వజన్మ సుకృతం’ అన్నది కూడా జాగ్రత్తగా చూడవలసిందే. మన లెక్క ప్రకారం అది పెద్ద మెప్పు. కానీ దాని లోపలి అర్థం, ఆమెలో మంచి ఉంటే అది ఆమె పుట్టిన ఇంటి నుంచి వచ్చింది కాదు, అంతకుముందు మనలో పుట్టినప్పటిదై ఉంటుంది అని. తల్లి నేర్పిన ప్రేమను, తండ్రి ఇచ్చిన గారాబాన్ని ఒక్క మాటతో కొట్టిపారేశాం. నిజానికి కథలో ఆ సుల్తాను ఎలాంటివాడు? కూతురు అడిగిందని దేవుడి బొమ్మను ఆమె చేతికిచ్చిన తండ్రి. ఆ వాత్సల్యం చెప్పకుండా కథ రక్తి కట్టదు.

ఇక చివరిది, ‘పుట్టినదానికే’ అన్న మాట. ఇక్కడ రెండు తప్పులున్నాయి. దేవేరిని పట్టుకుని ‘దానికి’ అనడం ఒకటి. లక్ష్మీదేవిని, పద్మావతిని అలా అంటామా? శ్రీరంగంలో సన్నిధి కట్టి పూజించే తల్లిని అలా అనగలగడం ఆమె పుట్టిన మతం వల్లే వచ్చింది. రెండోది ఆ ఏకారం. వాళ్ళకే ఉంటే మనకెంత ఉండాలి అన్నప్పుడు, ఎదుటివాడు మనల్ని సిగ్గుపరచడానికి ఎత్తిచూపే దిగువ మెట్టు అయిపోయాడు. మన భక్తులను మందలించాలనుకుంటే నేరుగా మందలించే హక్కు మనకుంది. అందుకు అన్యమతస్థుణ్ణి కొరడాగా వాడటం ఎందుకు?

ఇదే ముక్కను నేను నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత ఇలా చెప్పిస్తాను: “సుల్తాను కూతురికి ఆ మూర్తి అంటే పంచప్రాణాలు. నిద్ర లేచింది మొదలు దాన్ని ఎత్తుకునే తిరిగేది. తండ్రి చూసి మురిసిపోయేవాడు. ఒకనాడు స్వామి వెళ్ళిపోయాడు. ఆమె ఉండలేకపోయింది. కోట దాటి, తండ్రిని దాటి, స్వామి వెళ్ళిన దారినే పడింది. అలా వచ్చిన తల్లిని మన ఆచార్యులు గుడిలో నిలిపి, ఆమె పుట్టింటి రొట్టెనే ఆమెకు నైవేద్యం చేశారు.” ఇందులో ఆమె మతాన్ని దాచలేదు. సుల్తాను కూతురన్నాం, పుట్టింటి రొట్టె అన్నాం. వినేవాడు హిందువైనా ముస్లిమైనా కన్ను చెమ్మగిల్లే చోటు ఒకటే. కథలో రసం ఏమైనా తగ్గిందా? నాకైతే పెరిగిందనిపిస్తుంది.

ఇంతవరకూ కించపరచడం గురించి. దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. మంచివాళ్ళే ఎక్కువగా చేస్తారు కాబట్టి దాన్ని కొంచెం తీరిగ్గా చెప్పాలి. “రాముడన్నా రహీమన్నా ఒకటే, ఏ దేవుణ్ణి కొలిచినా మన స్వామికే చేరుతుంది” అని సభను ముగించే అలవాటు. గీతలో తొమ్మిదో అధ్యాయంలో, ఇతర దేవతలను శ్రద్ధతో కొలిచేవారు కూడా తననే కొలుస్తున్నారని భగవానుడు చెప్పిన మాట దీనికి ఆధారం. హిందువుకు అది విశాల హృదయం. నేనూ దాన్ని నమ్ముతాను. కానీ అది నా సిద్ధాంతం, నా శాస్త్రం చెప్పింది. సభలో ఉన్న ముస్లింకు దేవుడు ఒక్కడే, సాటి లేనివాడు, రూపం లేనివాడు అన్నది ప్రాణం కన్నా ఎక్కువ. క్రైస్తవుడికి ఏసుక్రీస్తు ద్వారానే రక్షణ అన్నది విశ్వాసానికి పునాది. “నీ నమాజు కూడా మా స్వామికే చేరుతుందిలే” అని అతని ముఖం మీద అంటే, అతను అడగకుండానే అతని ప్రార్థనకు మనం చిరునామా మార్చినట్టు. అదే మాట తిప్పి మనతో ఎవరైనా అంటే ఎలా ఉంటుందో ఊహించండి. “మీ పూజలన్నీ ఎలాగూ మా ప్రభువుకే చేరతాయి” అని పాస్టరు గారు ప్రేమగానే అన్నారనుకోండి, ఎంతమంది సంతోషిస్తాం?

అందుకని నేను పాటించే పద్ధతి ఒకటే. మన సిద్ధాంతం చెప్పేటప్పుడు “మా శాస్త్రం ఇలా చెబుతుంది” అని మన పేరుమీదే చెప్పాలి. ఎదుటి మతం గురించి చెప్పవలసివస్తే, ఆ మతంవాడు తన ఇంట్లో కూర్చుని విన్నా “అవును, మేమనుకునేది ఇదే” అనేటట్టు చెప్పాలి. అలా చెప్పగలిగేటంత తెలియకపోతే ఆ ప్రస్తావన మానేయాలి. తెలియక పడే తప్పులు ఎలా ఉంటాయో చూడండి. దర్గాకు వెళ్ళేవాళ్ళు సమాధిని దేవుడిగా పూజిస్తారని చెప్పేస్తాం. అక్కడున్నది దైవభక్తుడైన వలీ సమాధి, దేవుడిది కాదు. దర్గాకు వెళ్ళడాన్నే ఒప్పుకోని ముస్లింలు కూడా చాలామంది ఉన్నారు. క్రైస్తవులందరూ మేరీమాతను కొలుస్తారంటాం. గుణదల వెళ్ళే కేథలిక్కులకు ఆ తల్లి పట్ల ఉన్న భక్తి ప్రొటెస్టంటు సంఘాల్లో కనిపించదు. మొహర్రం వస్తే సభ ముగింపులో ‘శుభాకాంక్షలు’ చెబుతాం. పల్లెల్లో పీర్ల పండుగ పేరుతో హిందువులు కూడా పీర్లనెత్తుకుని గుండం చుట్టూ తిరుగుతారు కాబట్టి మనకది పండుగ. కానీ అది 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరుడైన రోజు జ్ఞాపకం. ముఖ్యంగా షియాలకు అది ఏడ్చే రోజు. చావింటికి వెళ్ళి శుభం పలికితే ఎలా ఉంటుంది?

ఇక వినేవాళ్ళ సంగతికి వద్దాం. పూర్వం పురాణం గుడి మండపంలో చెప్పేవాళ్ళం, ఎదురుగా ఉన్నవాళ్ళు ఎవరో తెలిసేది. ఇప్పుడు అదే ప్రసంగం రికార్డయి ఎవరి చేతిలోని ఫోనులోకి పోతుందో తెలియదు. పైగా మొత్తంగా పోదు, ముక్కగా పోతుంది. ఇది మా వృత్తిలో పెద్ద మార్పు. మన సంప్రదాయంలో ముందు పూర్వపక్షం చెప్పి, తర్వాత దాన్ని ఖండించి, ఆ పైన సిద్ధాంతం చెబుతాం. పూర్వపక్షం పది నిమిషాలు సాగితే, ఆ పది నిమిషాలు కత్తిరించి చూసినవాడికి అది మన అభిప్రాయమే. అందుకే “అని కొందరంటారు, నేను ఒప్పుకోను” అన్న ముక్క చివరికి అట్టేపెట్టకుండా ప్రతి రెండు మూడు వాక్యాలకూ ఒకసారి వచ్చేటట్టు చెప్పడం అలవాటు చేసుకోవాలి. వినడానికి కాస్త చాదస్తంగా ఉంటుంది. ఫరవాలేదు.

అన్యమతస్థుడి నుంచి ప్రశ్న వస్తే ఏం చేయాలి? మళ్ళీ నాంచారి కథ దగ్గరికే రండి. ప్రసంగం ముగిశాక ఒక చీటీ వచ్చిందనుకోండి. రాసినవాడు ముస్లిం యువకుడు: “ఇస్లాంలో విగ్రహారాధన లేదు. ఒక ముస్లిం స్త్రీ విగ్రహాన్ని ప్రేమించిందని చెప్పడం మా మతాన్ని అవమానించడమే. ఈ కథకు చరిత్రలో ఆధారం ఉందా?” ఇలాంటి చీటీలు వస్తాయి. మర్యాదగా రాసినవీ ఉంటాయి, కోపంతో రాసినవీ ఉంటాయి.

మొదట చేయకూడనివి చెబుతాను. “మరి కడపలో మీవాళ్ళే వస్తున్నారుగా” అనకూడదు. కడపవాళ్ళ ప్రేమ కడపవాళ్ళది, దాన్ని ఈ అబ్బాయి నోరు మూయించడానికి వాడుకోకూడదు. ముస్లింలలో ఎవరు సరైనవాళ్ళో తీర్పు చెప్పే పని మనది కాదు. “మీ పూర్వీకులు కూడా ఒకప్పుడు హిందువులే” అనడం మరీ తప్పు. అతను కథ గురించి అడిగితే మనం అతని పుట్టుక ఎత్తినట్టు. అతని మత గ్రంథంలో ఏముందో మనం అతనికి బోధించబూనడం కూడా అనవసరం.

మరి ఏం చెప్పాలి? చీటీని పూర్తిగా, వెటకారం లేని గొంతుతో సభకు చదివి వినిపించాలి. ఆ పైన జవాబు. “మీరడిగింది న్యాయమైన ప్రశ్న. ఇది శ్రీవైష్ణవ సంప్రదాయంలో చెప్పుకునే కథ. రామానుజుల కాలానికి ఢిల్లీలో సుల్తానులు లేరు కాబట్టి దీన్ని చరిత్ర అని నేను చెప్పను. మా పెద్దలు దీన్ని దాచుకున్నది ప్రేమకు పుట్టుక అడ్డు కాదని చెప్పడానికి. మీ ధర్మం ప్రకారం మీకిది అంగీకారం కాదని తెలుసు. మీరు ఒప్పుకోవాలని మేం అడగం.” ఇంతే. ఇందులో కథను వెనక్కి తీసుకోలేదు, క్షమాపణ చెప్పలేదు, అతనితో వాదించలేదు. నా కథ నాదే, అతని అభ్యంతరం అతనిదే. రెండూ ఒకే మందిరంలో ఉండవచ్చు.

అసలు చిక్కు ఈ జవాబు తర్వాత వస్తుంది. చీటీ చదవగానే సభలో మనవాళ్ళలో ఒకరు లేచి “మా గుడికొచ్చి మమ్మల్నే అడుగుతావా?” అని అరుస్తారు. ఇంకొకరు దాన్ని అందుకుంటారు. అప్పుడు ప్రవచనకారుడు ఏం చేశాడన్నదే ఆ సాయంత్రం చెప్పిన కథంతటికన్నా ఎక్కువ గుర్తుంటుంది. చాలామంది నవ్వి ఊరుకుంటారు. భక్తులు నొచ్చుకుంటారేమోనని భయం. ఆ నవ్వు అనుమతి అవుతుంది. ముస్లిం యువకుడికి నేను బాగా జవాబిచ్చినా, నా మనిషి అతన్ని తిడుతుంటే నేను ఊరుకుంటే, అతను ఇంటికి తీసుకువెళ్ళేది ఆ తిట్టునే. అందుకే ఆ క్షణంలో ముందు మందలించవలసింది మనవాణ్ణి. పేరు తెలిస్తే పేరు పెట్టి పిలిచి, “రామారావు గారూ, ఆయన మన అతిథి. ప్రశ్న నన్ను అడిగారు, మిమ్మల్ని కాదు. కూర్చోండి” అనాలి. బతిమాలే గొంతు పనికిరాదు. వ్యాసపీఠానికి ఉన్న అధికారం అందుకే. అది వాడకపోతే పీఠం ఎందుకు?

కావాలని రెచ్చగొట్టడానికే వచ్చేవాడూ ఉంటాడు. దేవుళ్ళ మీద బూతులు రాసి చీటీ పంపుతాడు. దాన్ని సభకు చదవనక్కర్లేదు. చదివితే అతను కోరుకున్నదే చేసినట్టు. మడిచి పక్కన పెట్టండి. అతను ఒక మతంవాడని చెప్పి ఆ మతం మొత్తానికి జవాబు చెప్పబూనడం మాత్రం చేయకండి.

ఇదంతా హిందూ ప్రవచనానికే పరిమితం కాదు. చర్చిలో సాక్ష్యం చెప్పే సోదరులు తాము ఒకప్పుడు కొలిచిన దేవతలను దయ్యాలని అనడం నేను విన్నాను. పొరుగింటివాళ్ళను ‘అన్యులు’ అని మైకులో అనడం విన్నాను. బహిరంగ సభల్లో విగ్రహారాధకులను ఎగతాళి చేసే ముస్లిం వక్తల మాటలూ విన్నాను. వాళ్ళకు నేను నా గీతను చూపించి లాభం లేదు. వాళ్ళ పుస్తకాలే చాలు. ఖురాన్ ఆరో సూరా, అల్లాహ్‌ను గాక ఇతరులను వేడుకునేవారి దైవాలను దూషించవద్దని విశ్వాసులనే ఆదేశిస్తుంది. బైబిల్లో అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయంలో, ఎఫెసు పట్టణంలో పౌలు అనుచరుల మీద జనం విరుచుకుపడితే, ఆ నగరపు అధికారి, వీళ్ళు మన దేవతను దూషించినవాళ్ళు కారని సాక్ష్యం చెబుతాడు. తమ మతం ప్రకటించడానికి వెళ్ళినవాళ్ళ గురించి పరమతస్థుడు ఇచ్చిన సాక్ష్యం అది.

మన ఇంటి సంగతీ ఒకటి చెప్పాలి. మన పుస్తకాల్లోనే పరుషమైన మాటలున్నాయి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో జైనుల మీద, శివభక్తులు కాని ‘భవుల’ మీద వీరావేశంతో నడిచే కథలున్నాయి. ఆయన మహాకవి. ఆయన్ని కత్తిరించే అధికారం నాకు లేదు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి, పదమూడో శతాబ్దపు శైవజైన పోరులో పుట్టిన కథ అని ముందే చెప్పాలి. ఆ మాటలను ఇవాళ్టి పొరుగువాడి మీదకు తిప్పకూడదు. అంతవరకే.

మౌలానా గారి మతం పుట్టకముందే, మన నేల మీదే, ఈ విషయం రాతిలో చెక్కి ఉంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దానివి. పద్నాలుగు శాసనాల వరసలో పన్నెండోది పూర్తిగా మనం ఇవాళ మాట్లాడుకున్న సంగతే. సందర్భం లేకుండా తన మతాన్ని పొగుడుకోవడం, ఎదుటి మతాన్ని తెగడటం వద్దంటుంది. సందర్భం ఉన్నా మితంగా మాట్లాడమంటుంది. నాలుకకు అదుపు కావాలంటుంది. తన మతం మీద మమకారంతోనే పరమతాన్ని తక్కువ చేసేవాడు చివరికి దెబ్బతీసేది తన మతాన్నే అంటుంది. ఒకరి ధర్మం ఒకరు వినాలని కూడా అంటుంది. రాజు ఈ పని చూడటానికి అధికారులను నియమించానని చెప్పుకున్నాడు. మనకు అధికారులు అక్కర్లేదు. మైకు మన చేతిలోనే ఉంది.

ఈ సభలో హరికథకులు, ప్రవచనకారులు, భజన బృందాల పెద్దలు ఉన్నారు. మీకు నా విన్నపం ఒకటి. మీరు ఎక్కువసార్లు చెప్పే కథ ఒకటి తీసుకోండి. అందులో అన్యమతస్థుడు వచ్చే చోటును కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. మీ ఊళ్ళో మీకు చనువున్న ఒక ముస్లిం మిత్రుడికో, క్రైస్తవ మిత్రుడికో చదివి వినిపించి, ఎక్కడ నొచ్చిందో చెప్పమని అడగండి. అతను చెప్పిన చోట మాట మార్చి, వచ్చే సభలో అలాగే చెప్పండి.